ఆరు నెలలు నిండితే పర్మినెంటేనా?

ఇంటర్వ్యూలో చివరి రౌండు హెచ్చార్‌ది. అప్పటికి టెక్నికల్ రౌండ్లు దాటేసి ఉంటాం కాబట్టి గుండె కాస్త తేలికపడి ఉంటుంది. ఆయన జీతం చెప్తారు, చేరాల్సిన తేదీ చెప్తారు, ఆ ఊపులోనే "సిక్స్ మంత్స్ ప్రొబేషన్, తర్వాత కన్ఫర్మేషన్, నోటీస్ యాజ్ పర్ పాలసీ, ఓకే కదా?" అనేస్తారు. మనం "ఓకే సార్" అనేస్తాం. ఆ ఒక్క వాక్యంలో మూడు సంగతులున్నాయి. వాటిలో ఏ ఒక్కటీ ఆయన పూర్తిగా చెప్పలేదు, మనమూ అడగలేదు.

ఈ వారం ఆ మూడింటి గురించే. ప్రొబేషన్ ఎప్పుడు ముగుస్తుంది? కన్ఫర్మ్ చేయడానికి ఏం చూస్తారు, ఎవరు చూస్తారు? వెళ్ళిపోవాలంటే, లేదా వాళ్ళు పొమ్మంటే, నోటీసు ఎన్ని రోజులు? సంతకం పెట్టకముందే ఈ మూడింటికీ రాతలో జవాబు తెచ్చుకోవాలి. ఎలాగో, ఎందుకో చూద్దాం.

ముందు చాలామంది అనుకునే ఒక మాట తీసుకుందాం. "ఆరు నెలలు అయిపోయింది, ఎవరూ ఏమీ అనలేదు, అంటే నేను పర్మినెంట్ అయిపోయినట్టే." ఇది నిజం కావచ్చు, కాకపోవచ్చు. అది మన లెటర్‌లో రాసిన మాటల మీద ఆధారపడి ఉంటుంది.

దీనిమీద సుప్రీంకోర్టు దాకా వెళ్ళినవాళ్ళున్నారు. 1968లో తీర్పొచ్చిన పంజాబ్ ప్రభుత్వం, ధరమ్ సింగ్ కేసు ఒకటి. వాళ్ళు టీచర్లు. వాళ్ళ సర్వీసు నిబంధనల్లో ప్రొబేషన్ పొడిగింపులన్నీ కలిపి మూడేళ్ళు దాటకూడదని ఉంది. ఆ మూడేళ్ళు దాటాక కూడా ప్రభుత్వం వాళ్ళను ఉద్యోగంలో కొనసాగించింది. అంటే కన్ఫర్మ్ అయినట్టేనని కోర్టు చెప్పింది. తర్వాత 2001లో మధ్యప్రదేశ్ హైకోర్టు, సత్యనారాయణ్ ఝవర్ కేసులో ఇలాంటి నిబంధనలన్నిటినీ మూడు రకాలుగా విడదీసి చూపించింది సుప్రీంకోర్టు. మొదటి రకంలో గడువు ఉంటుంది, పొడిగించే అధికారమూ ఉంటుంది, కానీ గరిష్ఠంగా ఇంత అని ఉండదు. ఇందులో ఎన్నాళ్ళు కొనసాగినా దానంతటదే కన్ఫర్మ్ కాదు. రెండో రకంలో గరిష్ఠ గడువు ఉంటుంది, అది దాటాక పొడిగించే అధికారం ఉండదు. ఇందులో గడువు దాటి కొనసాగితే కన్ఫర్మ్ అయినట్టే లెక్క. మూడో రకంలో గరిష్ఠ గడువు ఉన్నా, పరీక్ష పాసవ్వడం లాంటి షరతు కూడా ఉంటుంది. ఆ షరతు తీరి, ఉత్తర్వు వచ్చేదాకా కన్ఫర్మ్ కాదు.

ఇవి ప్రభుత్వ ఉద్యోగాల కేసులు. ప్రైవేటులో సర్వీసు రూల్స్ బదులు మన అపాయింట్‌మెంట్ లెటర్ ఉంటుంది. కానీ మన లెటర్ ఈ మూడు రకాల్లో దేనికి దగ్గరగా ఉందో చూసుకోవడానికి ఈ కొలత బాగా పనికొస్తుంది. సాఫ్ట్‌వేర్ కంపెనీల లెటర్లు చాలావరకు మొదటి రకమే. "కంపెనీ తన విచక్షణ మేరకు పొడిగించవచ్చు. లిఖితపూర్వకంగా కన్ఫర్మ్ చేసేవరకు మీరు ప్రొబేషన్‌లోనే ఉన్నట్టు" అనే వాక్యం మీ లెటర్‌లో ఉంటే, ఆరు నెలలు కాదు కదా, పద్నాలుగు నెలలైనా మీరు పర్మినెంట్ అని గట్టిగా చెప్పలేరు.

షరతు ఉన్న రకం ఎలా ఉంటుందో మన రాష్ట్రంలోనే లక్షమందికి పైగా అనుభవించి చూశారు. గ్రామ, వార్డు సచివాలయాల ఉద్యోగులు. 2019 అక్టోబర్ 2న అప్పటి మన తూర్పుగోదావరి జిల్లాలోని కరపలోనే ఆ వ్యవస్థ మొదలైంది. రెండేళ్ళు ప్రొబేషన్, నెలకు ₹15,000, శాఖాపరమైన పరీక్ష పాసవ్వాలి. రెండేళ్ళు 2021 అక్టోబర్‌కి నిండాయి. కొత్త స్కేలు వస్తుందని అందరూ ఎదురుచూశారు. 2022 జనవరిలో, జూన్ నెలాఖరులోగా ప్రొబేషన్ డిక్లేర్ చేస్తామని ప్రభుత్వం ప్రకటించింది. దాంతో ఉద్యోగులు నిరసనలకు దిగారు. చివరికి 2022 జూన్‌లో ఉత్తర్వులొచ్చాయి, జులై నుంచి కొత్త స్కేళ్ళు అమలయ్యాయి. మొదట చేరినవాళ్ళకి రెండేళ్ళు నిండిన తేదీకీ డిక్లరేషన్‌కీ మధ్య దాదాపు తొమ్మిది నెలలు. ఆ తొమ్మిది నెలలూ పాత పదిహేను వేలే.

ఇందులో మనకి కావాల్సిన సంగతి ఒక్కటే. గడువు ముగిసిన తేదీ వేరు, కన్ఫర్మ్ చేసిన తేదీ వేరు. నోటిఫికేషన్, సర్వీసు రూల్స్, సంఘాలు ఉన్నచోటే ఆ రెండింటి మధ్య అంత ఎడం వచ్చింది. ముప్పై మంది ఉన్న ప్రైవేటు కంపెనీలో మనకున్నది ఆ లెటర్ ఒక్కటే.

ఇక అసలు కేసు. మా అంతర్వేది దగ్గరి కుర్రాడే, నాకు తమ్ముడి వరస. అమలాపురం వైపు బీటెక్ చేశాడు. హైదరాబాద్‌లో ఓ చిన్న కంపెనీలో ఆఫర్ వచ్చింది. సీటీసీ ₹4,80,000. చేతికి రాకముందు నెల గ్రాస్ ₹36,000, అందులో బేసిక్ ₹18,000. బుధవారం లెటర్ వచ్చింది, సోమవారం లోపు ఒప్పుకుంటున్నట్టు మెయిల్ పెట్టాలి. "అన్నయ్యా, ఒకసారి చూసి చెప్పు" అని నాకు పంపాడు.

లెటర్‌లో మనకి పనికొచ్చే వాక్యాలు మూడు. మొదటిది, ప్రొబేషన్ ఆరు నెలలు, కంపెనీ విచక్షణ మేరకు పొడిగించవచ్చు, లిఖితపూర్వకంగా కన్ఫర్మ్ చేసేవరకు ప్రొబేషన్‌లోనే. రెండోది, పనితీరు సంతృప్తికరంగా ఉంటే కన్ఫర్మ్ చేస్తారు. మూడోది, ప్రొబేషన్‌లో కంపెనీ ఏడు రోజుల నోటీసుతో తీసేయొచ్చు, ఉద్యోగి మానేయాలంటే ముప్పై రోజులు ఇవ్వాలి. కన్ఫర్మ్ అయ్యాక ఇరువైపులా తొంభై రోజులు, లేదా దానికి తగ్గ జీతం.

చదవడానికి అన్నీ మామూలుగానే ఉన్నాయి. ఇప్పుడు వీటిని కలిపి చూడండి. ఏడాది గడిచింది, కన్ఫర్మేషన్ లెటర్ రాలేదు, మనమూ అడగలేదు అనుకుందాం. ప్రాజెక్టు పోయింది. కంపెనీ "మీరింకా ప్రొబేషన్‌లోనే ఉన్నారు" అని ఏడు రోజుల్లో పంపించొచ్చు. అదే మనకి వేరేచోట మంచి ఆఫర్ వచ్చి రాజీనామా పెడితే? "ఏడాది అయింది కదా, నువ్వు కన్ఫర్మ్ అయినట్టే, తొంభై రోజులు ఉండు" అనొచ్చు. లెటర్ చూపించి మనం వాదించొచ్చు. కానీ రిలీవింగ్ లెటర్ ఇవ్వాల్సింది వాళ్ళు. అది లేకపోతే కొత్త కంపెనీ బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో ఆగిపోతాం. కాగితం లేని కన్ఫర్మేషన్ రెండువైపులా పదునున్న కత్తి. పిడి మాత్రం వాళ్ళ చేతిలోనే ఉంటుంది.

మూడో వాక్యంలో ఇంకో చిక్కుంది. "దానికి తగ్గ జీతం" అన్నారు, ఏ జీతం? తొంభై రోజుల్లో ముప్పై రోజులు చేసి వెళ్ళిపోతే అరవై రోజులకి కట్టాలి. గ్రాస్ లెక్కన అయితే ₹72,000, బేసిక్ లెక్కన అయితే ₹36,000. ఒక్క మాట రాయకపోవడం వల్ల ఇంత తేడా. పైగా కట్టేసి వెళ్ళిపోవడం మన ఇష్టమా, వాళ్ళు ఒప్పుకుంటేనేనా అన్నది కూడా రాయలేదు. కొత్త కంపెనీ నెల రోజులు మాత్రమే ఆగుతానంటే ఈ మాటే కీలకం.

ఇవన్నీ చెప్తే మావాడి భయం మావాడిది. "ఇవన్నీ అడిగితే ఆఫర్ వెనక్కి తీసుకుంటారేమో అన్నయ్యా." వాళ్ళ నాన్నగారు కూడా, "ఉద్యోగం ఇచ్చేవాణ్ణి పట్టుకుని ఇన్ని ప్రశ్నలేంట్రా" అన్నారట. ఆయనే రొయ్యల చెరువు లీజుకి ఇచ్చేటప్పుడు ఎన్నేళ్ళు, కరెంటు బిల్లు ఎవరిది, గట్టు తెగితే ఎవరు వేయించాలి, గడువు అయ్యాక చెరువు ఎలా అప్పగించాలి అని స్టాంపు పేపరు మీద రాయించుకుంటారు. అవతలివాళ్ళేమీ అనుకోరు. ఉద్యోగమూ ఒప్పందమే కదండీ.

అడిగే తీరు మాత్రం ముఖ్యం. మార్చమని అడగడం వేరు, వివరం అడగడం వేరు. కొత్తగా చేరేవాడికి షరతులు మార్పించే బలం తక్కువే ఉంటుంది. వివరం అడగడానికి బలంతో పనిలేదు. అందుకని మెయిల్‌లో ఫిర్యాదు ధోరణి లేకుండా, అవును, కాదు, ఇన్ని రోజులు అని జవాబు చెప్పగలిగే ప్రశ్నలే రాశాం. ఇంగ్లీషులో పంపిన ఆ మెయిల్ సారాంశం ఇది:

"ఆఫర్‌కి ధన్యవాదాలు. చేరడానికి ఆసక్తిగా ఉన్నాను. ఒప్పుకునే ముందు కొన్ని అంశాలు స్పష్టం చేసుకోవాలనుకుంటున్నాను. 1. ప్రొబేషన్ పొడిగిస్తే గరిష్ఠంగా ఎన్ని నెలలు? ఆ విషయం ఆరు నెలలు ముగియకముందే రాతపూర్వకంగా చెప్తారా? 2. కన్ఫర్మేషన్ కోసం ఏయే అంశాలు చూస్తారు, సమీక్ష ఏ నెలలో, ఎవరు చేస్తారు? 3. ప్రొబేషన్‌లో నోటీసు కంపెనీకి ఏడు రోజులు, ఉద్యోగికి ముప్పై రోజులు అని ఉంది. ఇది ఉద్దేశించిందేనా? 4. నోటీసు బదులు జీతం కట్టే వీలు ఉద్యోగికి కూడా ఉందా? ఉంటే బేసిక్ మీదా, గ్రాస్ మీదా? నోటీసు రోజులు రాజీనామా మెయిల్ పెట్టిన రోజు నుంచి లెక్కిస్తారా, ఆమోదించిన రోజు నుంచా?"

చివరి ప్రశ్న చిన్నదిగా కనిపిస్తుంది గానీ వదలకూడదు. రాజీనామా ఆమోదించడానికి మేనేజర్ రెండు వారాలు తీసుకుంటే, తొంభై రోజులు కాస్తా నూట నాలుగు అవుతాయి.

గురువారం మెయిల్ వెళ్ళింది. శుక్రవారం హెచ్చార్ ఆవిడ ఫోన్ చేశారు. కోప్పడలేదు. "ప్రొబేషన్ మూడు నెలలకి మించి ఎవరికీ పొడిగించలేదండీ, అంతా మామూలే, కంగారు పడకండి" అన్నారు. ఇక్కడే చాలామంది ఆగిపోతారు. ఫోన్లో చెప్పిన మాటని రేపు ఆవిడ వేరే కంపెనీకి మారితే ఎవరు గుర్తుపెట్టుకుంటారు? మావాడు అదే సాయంత్రం రెండు లైన్ల మెయిల్ పెట్టాడు. "ఫోన్ చేసినందుకు ధన్యవాదాలు. పొడిగింపు గరిష్ఠంగా మూడు నెలలు అని అర్థం చేసుకున్నాను. సరైనదేనా? మిగతా ప్రశ్నలకు కూడా జవాబు మెయిల్‌లో ఇవ్వగలరు."

సోమవారం ఉదయం జవాబొచ్చింది. పొడిగింపు ఒక్కసారే, మూడు నెలలకి మించదు, ముందుగా మెయిల్‌లో చెప్తారు. ఐదో నెల చివర టీమ్ లీడ్, మేనేజర్ కలిసి సమీక్ష చేస్తారు. అప్పగించిన పని సమయానికి పూర్తిచేయడం, కోడ్ రివ్యూల్లో వచ్చిన వ్యాఖ్యలు, కంపెనీ అంతర్గత శిక్షణ పరీక్షలో 60 శాతం చూస్తారు. ప్రొబేషన్‌లో ఏడు, ముప్పై అన్నది పాత నమూనా నుంచి వచ్చిందట, ఇద్దరికీ పదిహేను రోజులుగా మార్చారు. నోటీసు మెయిల్ పెట్టిన రోజు నుంచే. కట్టాల్సి వస్తే బేసిక్ మీద, కానీ మేనేజర్ ఒప్పుకుంటేనే. తొంభై రోజులు మాత్రం మార్చం అన్నారు.

అన్నీ మనకి అనుకూలంగా రాలేదు. తొంభై రోజులు తొంభై రోజులుగానే ఉంది, కట్టి వెళ్ళిపోవడం కూడా వాళ్ళ చేతిలోనే ఉంది. కానీ ఇప్పుడు మావాడు తెలిసి ఒప్పుకున్నాడు. శిక్షణ పరీక్షలో 60 శాతం అన్న సంగతి ఇంటర్వ్యూలో ఎవరూ చెప్పలేదు. అడక్కపోతే ఐదో నెలలో తెలిసేది.

ఇక్కడ ఒక జాగ్రత్త. ఆఫర్ లెటర్ తర్వాత చేరేరోజు అపాయింట్‌మెంట్ లెటర్ ఇస్తారు. దాని చివర్లో తరచూ ఒక వాక్యం ఉంటుంది, "ఇంతకుముందు జరిగిన సంభాషణలు, ఒప్పందాలన్నిటి స్థానంలో ఈ లెటరే అమలవుతుంది" అని. దానిమీద సంతకం పెట్టామంటే, మనం కష్టపడి తెచ్చుకున్న మెయిల్ బలం తగ్గిపోతుంది. అందుకే మావాడిచేత ఒప్పుకునే మెయిల్‌లోనే ఇంకో వాక్యం రాయించాను: "మీ సోమవారం మెయిల్‌లోని వివరణలను అపాయింట్‌మెంట్ లెటర్‌లో చేర్చగలరు." పదిహేను రోజుల నోటీసు, మూడు నెలల గరిష్ఠ పొడిగింపు లెటర్‌లోకి వచ్చాయి. సమీక్ష అంశాలు రాలేదు, "అవి పాలసీలో ఉంటాయి" అన్నారు. సరే, మెయిల్ ఉంది. చేరేరోజు హడావిడిలో, నలుగురి మధ్య కూర్చుని సంతకాలు పెట్టేటప్పుడు ఆ రెండు పేరాలూ ఆఫర్ లెటర్‌తో పోల్చి చూసుకోవాలి. తేడా ఉంటే అక్కడే అడగాలి.

మీకొచ్చే జవాబులు ఇంత స్పష్టంగా ఉండకపోవచ్చు. "పాలసీ ప్రకారం" అంటే, ఆ పాలసీలో ఈ పేరా ఉన్న పేజీ పంపమనండి. "చేరాక చూపిస్తాం" అంటే, కనీసం నోటీసు, పొడిగింపు ఈ రెండింటి వరకైనా మెయిల్‌లో రాయమనండి. రెండుసార్లు మర్యాదగా అడిగినా రాతలో ఒక్క అంకె కూడా ఇవ్వకపోతే, ఆ కంపెనీలో రేపు మీ రాజీనామా ఎలా నడుస్తుందో ఇప్పుడే కొంత తెలిసినట్టు. చేతిలో వేరే ఆఫర్ ఉంటే పోల్చుకోండి. లేకపోతే చేరండి, కానీ మీ లెటర్ మొదటి రకం అని గుర్తుపెట్టుకుని చేరండి.

"చట్టం ఉంది కదా, ఇవన్నీ ఎందుకు" అని అడగొచ్చు. ఉంది. మన రాష్ట్రంలో 1988 నాటి దుకాణాలు, సంస్థల చట్టం ఆరు నెలలు వరుసగా పనిచేసినవాళ్ళని సరైన కారణం లేకుండా, నెల నోటీసు లేకుండా తీసేయకూడదంటుంది. కానీ ఐటీ కంపెనీలకి ఆ చట్టంలోని కొన్ని సెక్షన్ల నుంచి ప్రభుత్వాలు ఎప్పటికప్పుడు మినహాయింపులు ఇస్తూ వచ్చాయి. 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చిన కొత్త లేబర్ కోడ్‌లు అపాయింట్‌మెంట్ లెటర్ ఇవ్వడం తప్పనిసరి చేశాయి. అది మంచిదే. కానీ లెటర్ ఇవ్వాలి అన్నంత మాత్రాన అందులో తొంభై బదులు ముప్పై రాయరు. ఆ అంకెలు మనమే చూసుకోవాలి.

చేరిపోయాక చేయాల్సింది కొంచెమే. ఫోన్ క్యాలెండర్లో రెండు తేదీలు పెట్టుకోండి. ఒకటి ఐదో నెల మొదలు. ఆరోజు మేనేజర్‌కి, "వచ్చే నెల నా ప్రొబేషన్ ముగుస్తుంది. సమీక్ష ఎప్పుడు ఉంటుంది, ఇప్పటివరకు నేను మెరుగుపరుచుకోవాల్సిందేమైనా ఉందా?" అని మెయిల్. లోపం ఉంటే సరిదిద్దుకోవడానికి అప్పటికి ఇంకా సమయం ఉంటుంది. రెండోది ఆరు నెలలు నిండిన మర్నాడు. కన్ఫర్మేషన్ లెటర్ రాకపోతే హెచ్చార్‌కి, "నిన్నటితో ప్రొబేషన్ ముగిసింది. పొడిగింపు గురించి నాకు సమాచారం రాలేదు. కన్ఫర్మేషన్ లెటర్ ఎప్పుడు ఇస్తారో తెలపగలరు" అని మూడు లైన్లు. "లిఖితపూర్వకంగా కన్ఫర్మ్ చేసేవరకు" అనే వాక్యం ఉన్నచోట ఈ మెయిల్ మనల్ని పర్మినెంట్ చేసేయదు. కానీ మౌనాన్ని అక్కడితో ఆపుతుంది, వాళ్ళు అవునో కాదో చెప్పాల్సి వస్తుంది. పొడిగిస్తున్నామంటే ఎందుకు, ఏ తేదీ వరకు అన్నది కూడా రాతలోనే అడగండి.

ఈ కాగితాలు, మెయిళ్ళు ఆఫీసు ల్యాప్‌టాప్‌లోనే ఉంచకండి. ఉద్యోగం పోయిన రోజు ముందుగా పోయేది ఆఫీసు మెయిల్ లాగినే. ఆఫర్ లెటర్, అపాయింట్‌మెంట్ లెటర్, కన్ఫర్మేషన్ లెటర్, చేరకముందు జరిగిన ఈ ఉత్తరప్రత్యుత్తరాలు, ఇవి మీ సొంత ఉద్యోగానికి సంబంధించినవి. చేరకముందు మెయిళ్ళు ఎలాగూ మీ సొంత ఐడీలోనే ఉంటాయి, చెరిపేయకుండా ఉంచుకోండి. మిగతా లెటర్లు చేతికొచ్చిన రోజే ఒక కాపీ ఇంట్లో పెట్టుకోండి.